పదిహేను నిమిషాల్లో ఇద్దరికీ సమాన సాధన: ఒక తెలుగు–స్పానిష్ జోడీ కేస్ స్టడీ

ఒకరి భాష ఇంకొకరు నేర్చుకునే లాంగ్వేజ్ ఎక్స్ఛేంజ్ కోసం జోడీలను కలపడం, వాళ్ళ మొదటి కాల్‌కి ఒక ప్లాన్ ఇవ్వడం, ఇద్దరూ ఒప్పుకుంటే రికార్డింగ్ విని తూకం ఎక్కడ తప్పిందో చెప్పడం నేను చేసే పని. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక జోడీ మొదటి కాల్ గురించి. ఆమె మాతృభాష తెలుగు, స్పానిష్ నేర్చుకుంటోంది. ఆయన మాతృభాష స్పానిష్, తెలుగు నేర్చుకుంటున్నారు. పేర్లు రాయడం లేదు. ఆమె, ఆయన అంటేనే సరిపోతుంది.

ఇద్దరి స్థాయిలో తేడా ఉంది. యూరప్ వాళ్ళు భాషా స్థాయిలకు వాడే కొలమానం ప్రకారం ఆమె స్పానిష్‌లో ఎ2 చివర్లో ఉంది. నిన్న ఏం జరిగిందో తడుముకుంటూనైనా చెప్పగలదు. ఆయన తెలుగులో ఇంకా ఎ1, అంటే మొట్టమొదటి మెట్టు. అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు, వస్తువుల పేర్లు కొన్ని తెలుసు, 'ఉంది', 'కావాలి', 'తెలుసు' లాంటి మాటలతో చిన్న వాక్యాలు కట్టగలరు. జరిగిపోయినదాన్ని చెప్పడం ఇంకా చేతకాదు. ఇంగ్లీషు మాత్రం ఇద్దరికీ బాగా వచ్చు. పనికి అసలు అడ్డం ఇదే.

ప్లాన్ లేకుండా వదిలేస్తే ఇలాంటి జోడీ మొదటి కాల్ ఎలా సాగుతుందో చాలా రికార్డింగుల్లో విన్నాను. పలకరింపులు ఇంగ్లీషులో మొదలవుతాయి. ఏం చేస్తుంటారు, ఈ భాష ఎందుకు నేర్చుకుంటున్నారు అనే ముచ్చటా ఇంగ్లీషులోనే నడుస్తుంది, దాంతోనే నాలుగైదు నిమిషాలు అయిపోతాయి. తర్వాత ఎవరో ఒకరు 'సరే, ప్రాక్టీస్ చేద్దామా' అంటారు. అప్పుడు రెండు భాషల్లో ఏది ఇద్దరి మధ్య సాఫీగా నడుస్తుందో మాట అటు జారుతుంది. ఈ జోడీలో అది స్పానిష్ అయ్యేది, ఎందుకంటే ఎ2 లో ఉన్న మనిషితో కబుర్లు సాగుతాయి, ఎ1 లో ఉన్న మనిషితో సాగవు. తెలుగు వంతు వచ్చేసరికి రెండు నిమిషాలు మిగులుతాయి. 'ఈసారి తెలుగు చేద్దాం' అనుకుని ఇద్దరూ మర్యాదగా సెలవు తీసుకుంటారు. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. అయినా ఒకరికి సాధన దక్కింది, ఇంకొకరికి దక్కలేదు.

టాండెమ్ పద్ధతి అని పిలిచే ఈ రకం నేర్చుకోవడానికి మొదటి నుంచీ చెప్పే మూల సూత్రాలు రెండు. ఇద్దరూ ఒకరికొకరు సమానంగా ఇచ్చిపుచ్చుకోవాలి, తన నేర్చుకోవడానికి తనే బాధ్యుడు కావాలి. రెండోది మనిషి స్వభావాన్ని బట్టి వస్తుంది. మొదటిది స్వభావానికి వదిలేస్తే రాదు, గడియారంతోనూ పనితోనూ కట్టడి చేయాలి.

ఏది సమానంగా పంచాలి

'సగం తెలుగు, సగం స్పానిష్' అని అందరూ అనుకుంటారు. ఆ లెక్కలోనే ఒక చిక్కు ఉంది. తెలుగు వంతు ఆరు నిమిషాలనుకుందాం. అందులో నాలుగు నిమిషాలు ఆమే మాట్లాడితే గడియారం ప్రకారం తెలుగుకి న్యాయం జరిగినట్టే. కానీ ఆయన నోరు తెరిచింది చాలా తక్కువ. ఆమె తన మాతృభాషలో మాట్లాడింది, దాంతో ఆమెకి ఒరిగిందీ ఏమీ లేదు. వినడం కూడా సాధనే అంటే ఒప్పుకుంటాను. అయితే వినడానికి రికార్డింగులు బోలెడు ఉన్నాయి, తను తప్పుగా మాట్లాడుతున్నా ఓపిగ్గా వినే మనిషే దొరకడు. ఎక్స్ఛేంజ్‌లో విలువైనది ఆ మనిషి ముందు నోరు తెరిచే సమయం.

అందుకని నేను లెక్కపెట్టేది ఒకటే. ప్రతి వంతులోనూ నేర్చుకునే మనిషి గొంతు, ఆ భాష సొంతమైన మనిషి గొంతు కంటే ఎక్కువసేపు వినిపించాలి. రెండు వంతుల్లోనూ ఇది జరిగితే ఆ కాల్ సమానంగా నడిచిందని అంటాను. ఇద్దరు నేర్చుకునేవాళ్ళ సెకన్లను పక్కపక్కన పెట్టి పోల్చను. ఎ1 లో ఉన్నవాళ్ళు ఒక వాక్యం చెప్పడానికి మధ్యలో ఆగుతారు, ఆ ఆగడంలో కూడా పని జరుగుతూనే ఉంటుంది.

ఇచ్చిన ప్లాన్

మొదటి నిమిషం ఇంగ్లీషులో ఒప్పందాలకు. తర్వాత ఆరు నిమిషాలు తెలుగు, ఆరు నిమిషాలు స్పానిష్. చివరి రెండు నిమిషాలు దిద్దుబాట్లకు, ఒక్కొక్కరికి ఒక నిమిషం. పరిచయాలు ఈ పదిహేనులో లేవు. ఎవరు ఏం చేస్తారు, ఎందుకు నేర్చుకుంటున్నారు అన్నది ముందు రోజే మెసేజ్‌లో రాసుకోమన్నాను. ఆ ముచ్చట కాల్‌లోకి వస్తే మొదటి వంతు నుంచే సమయం తీసేస్తుంది.

ముందు తెలుగు ఎందుకంటే, ఇద్దరిలో తక్కువ స్థాయి ఆయనది. ఏ కాల్‌లోనైనా సమయం మించిపోతే కోత పడేది రెండో వంతుకే. మాట సులువుగా సాగే భాషకు కోత పడినా కొంత మిగులుతుంది, సాగని భాషకు పడితే ఏమీ మిగలదు. ఇంకో కారణం కూడా ఉంది. ఇద్దరు మనుషులు మొదట ఏ భాషలో మాట కలుపుతారో, ఇబ్బంది వచ్చినప్పుడల్లా ఆ భాషకే తిరిగి వెళ్తారు. స్పానిష్‌లో ఆరు నిమిషాలు హాయిగా గడిచాక, తెలుగులో ఆయన మొదటిసారి తడబడగానే ఆమె స్పానిష్‌లోకి దూకి సాయం చేసేది. తడబాటుతోనే మొదలుపెడితే, అదే ఈ కాల్‌లో మామూలు సంగతి అని ఇద్దరికీ అర్థమవుతుంది.

టైమర్ ఇద్దరి ఫోన్లలోనూ పెట్టమన్నాను, మోగేలా. ఒకరి దగ్గరే ఉంటే వాళ్ళు మొహమాటపడి 'పర్లేదు, చెప్పండి' అంటూ పొడిగిస్తారు. మోగాక నోట్లో ఉన్న వాక్యం పూర్తి చేయవచ్చు, కొత్తది మొదలుపెట్టకూడదు.

మొదటి నిమిషంలో తేల్చుకున్నవి కొన్నే. తెలుగులో మీరు అనుకోవాలా, నువ్వు అనుకోవాలా అన్నది ఒకటి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఎదుటి మనిషి గురించి వాడే ప్రతి క్రియ చివరా ఎ1 మనిషికి ఇది తగులుతుంది. ముందే తేల్చకపోతే ప్రతి ప్రశ్న దగ్గరా ఆగి ఆలోచిస్తారు. వాళ్ళు తెలుగులో మీరు, స్పానిష్‌లో చనువుగా పిలిచే 'తూ' అనుకున్నారు. రెండోది ఇంగ్లీషు వాడకం. తెలుగువాళ్ళం రోజూ మాట్లాడేటప్పుడు ఇంగ్లీషు మాటలు కలుపుతాం, అది చూసి నేర్చుకునేవాళ్ళు మొత్తం వాక్యం ఇంగ్లీషులో చెప్పినా ఫరవాలేదనుకుంటారు. అందుకని ఒక గీత గీశాం. కంప్యూటర్, ఫోన్, టేబుల్ లాంటి మాటలు తెలుగు వాక్యంలో, తెలుగు విభక్తితో వస్తే తెలుగే. క్రియ ఇంగ్లీషులోకి వెళ్ళిందంటే గీత దాటినట్టు.

మాట దొరకనప్పుడు వాడుకోడానికి ఇద్దరి దగ్గరా ఒక కాగితం ఉంది. ఆయన కాగితం మీద 'తెలుగులో ఎలా అంటారు?', 'మళ్ళీ చెప్పండి', 'కొంచెం నెమ్మదిగా'. ఆమె కాగితం మీద ఎలా అంటారు, కొంచెం నెమ్మదిగా అన్నవే స్పానిష్‌లో: 'కోమో సె దీసె?', 'మాస్ దెస్పాసియో, పోర్ ఫవోర్'. సాయం అడగడం కూడా నేర్చుకుంటున్న భాషలోనే జరగాలన్నది ఉద్దేశం.

పని ఎలా ఎంచుకున్నాను

'మీ గురించి చెప్పండి', 'మీ హాబీలు ఏమిటి' అనే ప్రశ్నలు మొదటి కాల్‌ని పాడుచేస్తాయి. వాటికి నేర్చుకునే మనిషి కంఠతా పట్టిన నాలుగు వాక్యాలు అప్పజెప్తారు, అవి అయిపోగానే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నింపడానికి మాతృభాష మనిషి తన గురించి చెప్పడం మొదలుపెడతారు, వంతు అక్కడితో చేతులు మారిపోతుంది.

దీనికి విరుగుడు ఒకటే. సమాచారం నేర్చుకునే మనిషి దగ్గరే ఉండాలి, మాతృభాష మనిషికి అది అవసరమై ఉండాలి. అప్పుడు భాష ఎంత బాగా వచ్చినా ఆ మనిషి సంభాషణని లాక్కోలేరు, ఎందుకంటే చెప్పాల్సిన సంగతి వాళ్ళకు తెలియదు.

ఆయనకి ఇచ్చిన పని: తను రోజూ పనిచేసే టేబుల్‌ని తెలుగులో వర్ణించాలి. కెమెరా దాని వైపు తిప్పకూడదు. ఆమె విని కాగితం మీద బొమ్మ గీయాలి. దీనికి కావాల్సిన భాష చాలా కొద్ది. మీద, కింద, పక్కన, ముందు, వెనక, మధ్యలో, కుడి, ఎడమ, ఆపైన ఉంది, ఉన్నాయి. ఇవి ముందు రోజు చూసుకోమన్నాను. వాక్యాలు రాసుకోవద్దన్నాను, రాసుకుంటే చదివేస్తారు.

ఆమెకి ఇచ్చిన పని: నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏం జరిగిందో స్పానిష్‌లో చెప్పాలి. ఆయన దాన్ని గంటల వారీగా కాగితం మీద రాసుకోవాలి, మధ్యలో ఖాళీ కనిపిస్తే అడగాలి. ఇద్దరికీ ఒకే పని ఇచ్చుంటే పైకి సమానంగా కనిపించేది. కానీ టేబుల్ వర్ణన ఎ2 చివర్లో ఉన్న ఆమెకి రెండు నిమిషాల్లో తేలిపోయేది, నిన్నటి కథ ఆయనకి అసలు మొదలయ్యేది కాదు. నిమిషాలు ఒకటే ఉండాలి, బరువు ఎవరి భుజానికి తగ్గది వాళ్ళకి ఉండాలి.

తెలుగు వంతు: లోపల ఏం జరిగింది

ఆయన మొదలుపెట్టిన తీరు ఇది.

"నా టేబుల్ మీద... కంప్యూటర్ ఉంది. కంప్యూటర్ పక్కన దీపం ఉంది." 

"ఏ పక్కన?"

"కుడి... కాదు, ఎడమ. ఎడమ పక్కన."

బాగానే నడిచింది. కాసేపటికి ఇలా అన్నారు: "మీద టేబుల్ రెండు పుస్తకాలు ఉంది."

మొదటి వాక్యంలో వరస సరిగ్గా వచ్చింది. ఇక్కడ సంఖ్య కూడా తోడయ్యేసరికి, ఆయన స్పానిష్‌లో రోజూ చెప్పే వరస బయటికి వచ్చేసింది. ఆ భాషలో స్థానం చెప్పే మాట వస్తువుకి ముందు వస్తుంది, మనకి తర్వాత వస్తుంది. 'ఉన్నాయి' అనాల్సిన చోట 'ఉంది' రావడానికీ కారణం అలాంటిదే. ఫలానా చోట ఫలానా వస్తువు ఉంది అని చెప్పడానికి స్పానిష్‌లో ఒకటున్నా పది ఉన్నా 'ఆయ్' అనే ఒక్క రూపమే వాడతారు.

ఆమె ఏం చేసిందో చూడండి. "ఓహో, టేబుల్ మీద రెండు పుస్తకాలు ఉన్నాయా? ఏ రంగు?" అంది. తప్పుని ఎత్తిచూపకుండా సరైన రూపంలో తిరిగి చెప్పింది, మర్యాద తెలిసిన ఎవరైనా చేసేది ఇదే. ఆయన "ఒకటి నీలం, ఒకటి ఎరుపు" అన్నారు. రంగులు సరిగ్గానే చెప్పారు. దిద్దుబాటు జరిగిందని ఆయనకి తెలియనే లేదు, ఎందుకంటే ఆయన చెవి 'ఏ రంగు' అన్న ప్రశ్న మీద ఉంది. నిమిషం తర్వాత "మూడు పెన్నులు ఉంది" అన్నారు.

1997లో లిస్టర్, రాంటా అనే ఇద్దరు పరిశోధకులు పాఠాలు ఫ్రెంచ్‌లోనే చెప్పే ఇమ్మర్షన్ తరగతుల్ని పరిశీలించినప్పుడు కనిపించిందీ ఇదే. టీచర్లు అన్నిటికంటే ఎక్కువగా వాడినది ఈ తిరిగి చెప్పే పద్ధతి, పిల్లలు పట్టించుకుని స్పందించింది అన్నిటికంటే తక్కువగా దీనికే. కాబట్టి కాల్‌లో ఇలా తిరిగి చెప్పడం వద్దని నేను అనను, అది సంభాషణని ముందుకు నడుపుతుంది. దాన్నే దిద్దుబాటుగా లెక్కపెట్టుకోవద్దంటాను. ఆమెకి ముందే ఒక నియమం చెప్పాను. అర్థం కాకపోతేనే ఆపాలి, అర్థమైతే తప్పుని కాగితం మూల రాసుకోవాలి, ఆరు నిమిషాలకి మూడు మించకూడదు. 'రెండు పుస్తకాలు ఉంది' ఆమె రాసుకున్న మొదటిది.

మూడో నిమిషంలో కాల్ జారింది. ఆయనకి టేబుల్ కింద ఉన్న సొరుగు గురించి చెప్పాలని ఉంది. కాగితం ఎదురుగా ఉన్నా, నోట్లోంచి ఇంగ్లీషు ప్రశ్న వచ్చేసింది. ఆమె కూడా ఇంగ్లీషులోనే జవాబిచ్చింది. సొరుగు అంటారని చెప్పింది, డ్రాయర్ అన్నా అందరికీ అర్థమవుతుందని చెప్పింది, ఎవరు ఏది ఎక్కువగా వాడతారో వివరించింది. ప్రతి మాటా నిజమే, ఆసక్తికరమే. మొత్తం నలభై సెకన్లు పట్టింది. ఆ నలభై సెకన్లలో తెలుగు నేర్చుకునే మనిషి ఒక్క తెలుగు మాట పలకలేదు.

నేను చూసిన జోడీల్లో తూకం తప్పేది ఎక్కువగా ఇలాంటి చోటే. సోమరితనం వల్లో స్వార్థం వల్లో కాదు, తన భాష గురించి అడిగితే చెప్పాలన్న ఉత్సాహం వల్ల. సొంత భాష మీద ప్రేమ ఉన్నవాళ్ళే ఎక్కువగా ఇలా వివరణలోకి వెళ్తారు. సరైన పని చాలా చిన్నది. అడిగింది ఇంగ్లీషులోనైనా "సొరుగు. సొరుగు ఎక్కడ ఉంది?" అని మాట ఇచ్చి వెంటనే ప్రశ్నతో బంతి తిరిగి వేయాలి. డ్రాయర్ ముచ్చట కాల్ అయ్యాక మెసేజ్‌లో రాసుకోవచ్చు.

ఇంకొకటి నిశ్శబ్దం. ఆయన "కంప్యూటర్ వెనక..." అని ఆగారు. ఆమె వెంటనే "వెనక ఏముంది? గోడా? కిటికీయా?" అంది. ఆయన "కిటికీ" అన్నారు. సాయమే చేసింది, కానీ ఆయన కట్టబోతున్న వాక్యం ఒక్క మాటకి కుదించుకుపోయింది. మామూలు సంభాషణలో ఒకరు ముగించాక ఇంకొకరు అందుకోడానికి పట్టే సమయం సెకనులో ఐదో వంతు ప్రాంతంలో ఉంటుందని, భాషను బట్టి పెద్దగా మారదని 2009లో పది భాషల మీద వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. మనం ఆ వేగానికి అలవాటుపడి ఉంటాం కాబట్టి ఒక్క సెకను ఆగినా ఏదో పొరపాటు జరిగినట్టు అనిపిస్తుంది. వీడియో కాల్‌లో సిగ్నల్ ఆలస్యం కూడా తోడైతే అవతలి మనిషి ఆలోచిస్తున్నారో కాల్ ఆగిందో తెలియదు. మరోవైపు, టీచర్లు ప్రశ్న అడిగాక ఒక సెకను బదులు మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా వస్తాయని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లోనే చూపించారు.

మూడు సెకన్లు ఆగండి అని చెప్పడం తేలికే, కానీ మనసులో లెక్కపెట్టుకుంటూ ఎవరూ మాట్లాడలేరు. ఈ జోడీలో పనికొచ్చింది ఆమె చేతిలోని పెన్సిల్. రికార్డింగ్‌లో స్పష్టంగా తెలుస్తుంది: బొమ్మ గీస్తున్నప్పుడు ఆమె మధ్యలో దూరలేదు, ఆ ఖాళీలో ఆయన తర్వాతి వాక్యం సిద్ధం చేసుకున్నారు. పెన్సిల్ కింద పెట్టినప్పుడే ఆమె ఖాళీలు నింపింది. వినే మనిషి చేతికి పని ఇవ్వడంలో నాకు కనిపించే పెద్ద లాభం ఇదే.

నాలుగో నిమిషం దాటాక ఆయన దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఎ1 మనిషికి ఇది సహజం, అలసట కూడా మొదలవుతుంది. ఇక్కడికి ముందే ఒక మెట్టు పెట్టి ఉంచాను: చెప్పడం అయిపోతే ఆమె బొమ్మని కెమెరాకి చూపించాలి, ఆయన తప్పులు చెప్పాలి. ఈ కాల్ మొత్తంలో ఆయన నోట మంచి తెలుగు వచ్చింది ఈ రెండు నిమిషాల్లోనే.

"కాదు, దీపం కుడి వైపు కాదు. ఎడమ వైపు ఉంది."

"ఇక్కడా?"

"అవును. ఇంకా... పుస్తకాలు దీపం కింద కాదు. దీపం ముందు."

మాటలు అవే. కానీ ఇందాక తడుముకున్నవి ఇప్పుడు చప్పున వస్తున్నాయి, స్థానం చెప్పే మాట వస్తువు తర్వాతే పడుతోంది. ఎవరూ ఆయనకి నియమం చెప్పలేదు. అదే సంగతిని రెండోసారి చెప్పడం, అదీ సరిచేయాల్సిన అవసరం కొద్దీ చెప్పడం వల్ల వచ్చిన మార్పు. కొత్త టాపిక్‌లోకి వెళ్ళుంటే మళ్ళీ మొదటి తడబాటు దగ్గరికే వెళ్ళేవారు. అందుకే మొదటి కాల్‌లో వంతుకి ఒకే టాపిక్ ఇస్తాను.

స్పానిష్ వంతు

ఇక్కడ చిక్కు వేరు. ఆమె మాట్లాడగలదు, ఆయన మాటకారి. రెండో నిమిషంలో ఆమె నిన్నటి ఆఫీసు మీటింగ్ సంగతి ఎత్తగానే ఆయనకి తన మీటింగ్ గుర్తొచ్చింది. అరనిమిషం పైగా దాని గురించే చెప్పారు. ఆమె నవ్వుతూ వింటోంది, చక్కగా అర్థమవుతోంది కూడా. ఇలాంటి చోట ఇద్దరికీ కాల్ బాగా నడుస్తోందనే అనిపిస్తుంది, అందుకే పట్టుకోవడం కష్టం. గుర్తు ఏమిటంటే, నేర్చుకునే మనిషి 'అవును', 'ఓహో' తప్ప ఏమీ అనకుండా రెండు మూడు వాక్యాలు గడిచిపోతాయి. ఆయన కాగితం వైపు చూసుకున్నారు. పది గంటల తర్వాత ఖాళీగా ఉంది. "ఇ లువేగో?" అన్నారు, ఆ తర్వాత ఏమైంది అని. వంతు తిరిగి ఆమె చేతికి వచ్చింది.

ఆమె తప్పుల్లో ఆయన రాసుకున్నది ప్రధానంగా ఒకటే. నిన్నటి సంగతి చెప్తూ 'అయేర్ వోయ్ అల్ త్రబాహో' అంటూ వచ్చింది, అంటే నిన్న అని చెప్పి క్రియ మాత్రం ఈ రోజుది వాడింది. మూడు చోట్ల అలాగే అంది. మూడూ ఒకే రకం కాబట్టి ఆయన ఒకే తప్పుగా రాసుకున్నారు. అది సరైన పని. మూడు వేర్వేరు సంగతులు చెప్పుంటే ఆమెకి ఏదీ నిలిచేది కాదు.

చివరి రెండు నిమిషాలు, లెక్క

ఈ రెండు నిమిషాలకీ ఒకటే నియమం. దిద్దేవాళ్ళు తను విన్న వాక్యం చదివి, సరైన వాక్యం చెప్పాలి. నేర్చుకునేవాళ్ళు దాన్ని పైకి పలకాలి. కారణాల జోలికి వెళ్ళకూడదు. ఆయన "టేబుల్ మీద రెండు పుస్తకాలు ఉన్నాయి" అని పలికారు. తర్వాత ఎవరూ అడగకుండానే "మూడు పెన్నులు ఉన్నాయి" అని కలిపారు. ఆమె 'అయేర్ ఫుయ్ అల్ త్రబాహో', అంటే నిన్న పనికి వెళ్ళాను అని రెండుసార్లు చెప్పింది.

రికార్డింగ్ విని సెకన్లు లెక్కపెట్టాను. తెలుగు వంతులో ఆయన తెలుగు 2 నిమిషాల 20 సెకన్లు, ఆమెది 1 నిమిషం 50 సెకన్లు, ఇంగ్లీషు 40 సెకన్లు, మిగిలిన 1 నిమిషం 10 సెకన్లు నిశ్శబ్దం. స్పానిష్ వంతులో ఆమె 3 నిమిషాల 30 సెకన్లు, ఆయన 1 నిమిషం 20 సెకన్లు, మిగతాది నిశ్శబ్దం. రెండు వంతుల్లోనూ నేర్చుకునే గొంతే పైచేయి. నా లెక్కలో ఇది సమానంగా నడిచిన కాల్. కాకపోతే తెలుగు వంతులో అంచు చాలా సన్నం. ఆ ఇంగ్లీషు నలభై సెకన్లలో సగమైనా ఆయన తెలుగుగా మారుంటే నిశ్చింతగా ఉండేది.

సెకన్లలో కనిపించని అసమానత ఇంకొకటి ఉంది. రెండు వంతుల్లోనూ ప్రశ్నలన్నీ దాదాపు మాతృభాష మనిషే అడిగారు. నేర్చుకునే మనిషి జవాబులు చెప్పడం మాత్రమే చేశారు. పని నేను పెట్టిన తీరే అలాంటిది, సమాచారం ఒకరి దగ్గరే ఉంటే ప్రశ్నలు అవతలి వైపు నుంచే వస్తాయి. కానీ ప్రశ్న అడగడం వేరే నైపుణ్యం. 'ఏముంది', 'ఎక్కడుంది', 'ఎన్ని ఉన్నాయి' ఆయన చెవికి ఎన్నోసార్లు పడ్డాయి, నోటికి ఒక్కసారీ రాలేదు. అసలు సంభాషణని నడిపేది అడిగే మనిషే, కాబట్టి ఈ లోటుని రెండో కాల్‌కి వాయిదా వేయవచ్చు కానీ వదిలేయకూడదు.

ఈ ప్లాన్ అన్ని జోడీలకీ సరిపోదు. ఒకరికి ఆ భాషలో చిన్న వాక్యం కూడా రాకపోతే ఆరు నిమిషాలు చాలా ఎక్కువ. అప్పుడు ఒక్కో భాషకి ఆరు నిమిషాల్నీ మూడేసి నిమిషాల రెండు ముక్కలు చేసి, మధ్యలో భాష మార్చడం మేలు. వీడియో లేని కాల్‌లో బొమ్మ చూపించడం కుదరదు. అక్కడ వినే మనిషి తను గీసినదాన్ని తిరిగి వర్ణించాలి, అయితే దాంతో మాతృభాష గొంతు పెరుగుతుంది కాబట్టి సెకన్ల లెక్కని గమనించుకోవాలి. ఇద్దరికీ ఉమ్మడి భాష ఏదీ లేకపోతే మొదటి నిమిషం ఒప్పందాలన్నీ ముందే రాతలో ముగించాలి.

రెండో కాల్‌కి ఈ జోడీకి చేసిన మార్పులు కొన్నే. వంతు చివరి నిమిషంలో నేర్చుకునే మనిషి రెండు ప్రశ్నలు తప్పనిసరిగా అడగాలి: ఆయన ఆమె టేబుల్ గురించి, ఆమె ఆయన నిన్నటి రోజు గురించి. జవాబు ఒక్క వాక్యం దాటకూడదు. ఆయన వర్ణన టేబుల్ నుంచి గదికి పెరిగింది, కావాల్సిన మాటలు మాత్రం అవే. ఆమెకి మళ్ళీ 'నిన్న' ఇచ్చాను, క్రియ నిలదొక్కుకునేదాకా అదే ఇస్తాను. 'తెలుగులో ఎలా అంటారు?' అన్న కాగితాన్ని ఆయన ఇప్పుడు టేబుల్ మీద కాకుండా స్క్రీన్ అంచుకి, కెమెరా కింద అంటించుకున్నారు. ముందు తెలుగు అన్న వరస అలాగే ఉంది. ఇంగ్లీషు పది సెకన్ల లోపుకి దిగాక, ఒక కాల్‌లో తెలుగు, తర్వాతి కాల్‌లో స్పానిష్ ముందుండేలా మారుస్తాం.